స్వాగతోపన్యాసంలో మొదటి పేరు

నా చిన్నప్పుడు నా గొంతు చాలా పెద్దది. అదే నా కొంప ముంచింది. చేన్లో ఉన్న మా అవ్వను, అంటే అమ్మను, ఇంటి ముందు నిలబడి పిలిస్తే నాలుగు చేన్ల అవతలి వాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మా బడిలో ముప్పయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన టీచరమ్మకు పదవీ విరమణ వచ్చింది. ఆ వీడ్కోలు సభలో స్వాగతోపన్యాసానికి పెద్దసారు, అంటే మా ప్రధానోపాధ్యాయులు, నన్ను ఎంచుకున్నారు. నా మార్కులు చూసి కాదు. మైకు మొరాయించినా నా గొంతు మొరాయించదని.

మాది జమ్మికుంట మార్కెట్టుకు పత్తి బండ్లు పోయే దారిలో చిన్న ఊరు. అంతకుముందు బడిలో అలాంటి సభ జరిగింది లేదు. పెద్దసారు దాన్ని పరీక్ష కన్నా ఎక్కువగా పట్టించుకున్నారు. స్వాగతం చెప్పడమంటే నోటికొచ్చింది మాట్లాడటం కాదని నాకు వారం రోజులు నేర్పారు. ముందు సభాధ్యక్షుణ్ణి ప్రతిపాదిస్తారు, తరువాత అతిథులను ఒక్కొక్కరిగా వేదిక మీదికి పిలుస్తారు, ప్రార్థన గీతం అవుతుంది, అప్పుడు నా వంతు. మొదట అధ్యక్షులకు స్వాగతం, ఎందుకంటే అధ్యక్షులు లేనిదే సభ లేదు. ఆ వెంటనే ముఖ్య అతిథి. తరువాత విశిష్ట అతిథి, సర్పంచు, పదవీ విరమణ చేస్తున్నవారు, వారి భర్త, బడి పిల్లల తల్లిదండ్రులు, చివరికి పిల్లలు. ఒక్కొక్కరికి ఒక్క వాక్యం. ఏర్పాట్లలో లోపాలుంటే మన్నించమని కోరి కూర్చోవాలి. టీచరమ్మను ఎక్కువగా పొగడకూడదు, ఆ పని తరువాత మాట్లాడేవాళ్ళది, సన్మాన పత్రానిది. అంతా ఐదు నిమిషాలు. మైకుకు జానెడు దూరంలో నిలబడాలి.

సభాధ్యక్షులు పెద్దసారే. ముఖ్య అతిథి కరీంనగర్ నుంచి వచ్చే విద్యాశాఖ అధికారి. విశిష్ట అతిథి మా ఊరి పటేల్. పందిరి ఆయనది, కుర్చీలు ఆయనవి, మైకు సెట్టు కూడా ఆయనే తెప్పిస్తున్నాడు. మా బాపు, అంటే నాన్న, ఆయన దగ్గరే జీతం ఉండేవాడు, ఏడాది పాలేరుగా. ఏడాదికోసారి ఉగాదికి జీతగాళ్ళ మాట తిరిగి ఖాయం చేసుకునేవాళ్ళు. ఉంచితే ఉన్నట్టు, లేదంటే లేదు. టీచరమ్మ సభ మార్చి నెల ఆఖరి రోజున. ఉగాది ఆ వెనుకనే ఉంది.

సభ నాలుగు రోజులు ఉందనగా పటేల్ గుమాస్తా బోరింగు దగ్గర నన్ను ఆపాడు. బిందె నిండాక అన్నాడు, "పిల్లా, సర్కారు సారు పేరుకన్న ముందు మా పటేల్ పేరు రావాలె. యాది పెట్టుకో. ఉగాది దగ్గరికొచ్చిందని మీ బాపుకు చెప్పు."

నేను మరునాడు పెద్దసారుతో ఈ మాట ఎత్తబోయాను. ఆయన సగంలోనే ఆపేశారు. "రాసింది రాసినట్టు చదువు. ఒక్క పేరు అటు ఇటు అయినా పై ఆఫీసుల నా పరువు పోతది" అన్నారు. ఆయన భయం ఆయనది, ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఇంట్లో చెబితే మా అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "ముందుగాల కడుపు, ఆ తర్వాతనే సదువు" అంది. బాపు అన్నం తిని చెయ్యి కడుక్కుని, "నీకు ఎట్ల చేతనైతే అట్ల చెయ్ బిడ్డా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన అలా అనేసరికి భారమంతా నా మీదే పడ్డట్టయింది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే జ్వరం వస్తుందని ఎవరో చెబితే అదీ చేశాను. జ్వరం రాలేదు. రెండు రోజులు వాసన మాత్రం వచ్చింది, నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారింది.

రోజూ సాయంత్రం బడి వరండాలో నాతో చెప్పించేవాళ్ళు. సభాధ్యక్షుల పేరు దాకా గడగడా చెప్పేదాన్ని. అక్కడ ఆగిపోయేదాన్ని. కాగితం చేతిలోనే ఉన్నా చదవలేకపోయేదాన్ని. పెద్దసారు అది మతిమరుపు అనుకుని ఇంకో పదిసార్లు చెప్పించేవారు. గది లోపల కూర్చుని హాజరు పట్టీలు సర్దుతున్న టీచరమ్మ మాత్రం వింటూ ఉన్నారు. మూడో రోజు నన్ను లోపలికి పిలిచారు.

"రోజూ గాడనే ఆగుతున్నవ్. మర్చిపోయినోళ్ళు ఒక్కోదినం ఒక్కోతాన ఆగుతరు బిడ్డా. ఏమైంది?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె గుమాస్తాను తిట్టలేదు, పెద్దసారునూ ఏమీ అనలేదు. కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. ఆమె పేరు ఐదో వరుసలో ఉంది, దాని కింద ఆమె గురించి నాలుగు మాటలు ఉన్నాయి. కలం తీసి ఆ నాలుగు మాటలు కొట్టేశారు. సభాధ్యక్షుల పేరుకీ అధికారి పేరుకీ మధ్య కొత్తగా ఒక వాక్యం రాశారు. సభలో అందరికన్నా వయసులో పెద్ద అయిన పెద్దవ్వకు స్వాగతం అని. పెద్దవ్వ అంటే పటేల్ తల్లి.

"అవ్వ పేరు ముందు వచ్చిందని పటేల్ అలుగుతడా? ముసలమ్మకు మొక్కితె సర్కారు సారు కోపం చేస్తడా? ఆ తర్వాత సారు రాసినట్టే చదువు. పెద్దసారుకు నేను చెప్త. నా సభ గద, ఒక్క మాట నాది ఉండనియ్యమంట."

ఆ రాత్రి నిద్రపట్టింది. తెల్లారి సభకు పోయాను.

పందిరి కింద ఆడవాళ్ళంతా ఉన్నారు, పెద్దవ్వ లేదు. అధికారి జీపు దిగాడు, పటేల్ కండువా సవరించుకుంటూ వచ్చాడు, పెద్దవ్వ రాలేదు. వేదిక మీద కుర్చీలు ఆరు, అన్నీ నిండాయి. ప్రార్థన గీతం అయిపోయింది. గుమాస్తా సరిగ్గా నాకు ఎదురుగా గుంజను ఆనుకుని నిలబడ్డాడు. మా బాపు గేటు దగ్గర రుమాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆయన నా వైపు చూడటం లేదు, నేల చూస్తున్నాడు.

నా పేరు పిలిచారు. మైకు ముందుకు పోయాను. సభాధ్యక్షులకు స్వాగతం చెప్పాను. ఇక ఆ కొత్త వాక్యం రావాలి. లేని మనిషికి స్వాగతం ఎలా చెప్పడం? చెబితే జనం నవ్వుతారు. వదిలేస్తే తరువాతి పేరు అధికారిదే. మైకు గుయ్యిమంటోంది. నేను నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. పెద్దసారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు నేను చేయగలిగింది ఒక్కటే చేశాను, టీచరమ్మ వైపు చూశాను.

ఆమె కుర్చీలోంచి లేచారు. సన్మానం అందుకోవలసిన మనిషి మధ్యలో లేవడం ఏ సభలోనూ ఉండదు. మెట్లు దిగి, పందిరి దాటి, బడి గోడ వెనక్కి పోయారు. అక్కడ గోడ నీడలో పెద్దవ్వ కూర్చుని ఉందట, ఆమె కొంగు అంచు వేదిక మీది నుంచి టీచరమ్మకు అప్పుడే కనబడిందట. కొడుకు ముందర, పెద్ద పెద్ద సార్ల ముందర తనకేం పని అని లోపలికి రాకుండా అక్కడే ఆగిపోయింది. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ ముసలి అడుగుకు తన అడుగు కలిపి, మెల్లగా నడిపించుకుని వచ్చారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పటేల్ లేచి నిలబడ్డాడు, తల్లి వస్తుంటే కూర్చోలేడు కదా. ఆయన లేచేసరికి అధికారి లేచాడు. ఆ వెనుక వేదిక మొత్తం లేచింది. ఎవరి పేరు ముందు రావాలని నేను నాలుగు రోజులు చచ్చానో ఆ ఇద్దరూ చేతులు కట్టుకుని పక్కపక్కన నిలబడ్డారు.

టీచరమ్మ పెద్దవ్వను తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంకో కుర్చీ లేదు. తాను వచ్చి మైకు దగ్గర నా పక్కన నిలబడి, నా వీపు మీద చెయ్యి వేశారు. నా గొంతు నాకు తిరిగి వచ్చింది. పెద్దవ్వకు స్వాగతం చెప్పాను. తరువాత అధికారి, పటేల్, సర్పంచు, అందరూ వరుసగా వచ్చారు. ఎవరూ కిక్కురుమనలేదు. గుంజ దగ్గర గుమాస్తా చప్పట్లు కొడుతున్నాడు.

సభ అయ్యాక ఆ ఉపాయం ఎలా తోచిందని టీచరమ్మను అడిగాను. ఆమె మెడలోని దండలు తీసి బల్ల మీద పెడుతూ చెప్పారు.

"ఉపాయం అనుకున్నవా బిడ్డా? నేను గీ ఊరికి కొత్తగ వచ్చినప్పుడు, కిరస్తానపుదని ఎవ్వలు ఇల్లియ్యలే. రెండు దినాలు బడిలనే పండుకున్న. పెద్దవ్వ వచ్చి నా పెట్టె ఆమెనే నెత్తిన పెట్టుకుని తీస్కపోయింది. ఇన్నేండ్ల సంది ఆ మాట నలుగురిల చెప్పాలె అనుకుంట చెప్పనే లేదు. నువ్వు ఏడిస్తె యాదికొచ్చింది."

అంతా చక్కబడిందని చెప్పను. ఉగాదికి బాపు పని నిలిచింది, ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ ఇంటి పనిలోనే వంగిపోయాడు. ఆ రోజు తప్పింది ఆ ఒక్క గండమే. కానీ అది తప్పించడానికి ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషి తన వీడ్కోలు సభలో తన గురించిన నాలుగు మాటలు కొట్టేసుకున్నారు, తన కుర్చీ ఇచ్చి నిలబడ్డారు. అది నాకు అర్థం కావడానికి నేనే టీచరునై చాలా ఏళ్ళు గడవాల్సి వచ్చింది.

పోయిన ఏడాది నా పదవీ విరమణ సభ జరిగింది. స్వాగతం చెబుతున్న ఎనిమిదో తరగతి పిల్ల మూడో పేరు దగ్గర ఆగిపోయింది. కాగితం చేతిలోనే ఉంది. మరిచిపోయిందని పక్కవాళ్ళు నవ్వుకున్నారు. ఆ పిల్లకు ఎవరు ఏం చెప్పి పంపారో నాకు తెలియదు, అడగలేదు కూడా. కుర్చీలోంచి లేచి, పోయి ఆ పిల్ల పక్కన నిలబడి, వీపు మీద చెయ్యి వేశాను.