మేడ మీద నాలుగువేల లీటర్లు

ఇరవై ఏళ్లు ఇతర మేస్త్రీలకి సిమెంటు కలిపి అందించిన మనిషి, మొదటిసారి సొంతంగా పట్టిన పని మా మేడ పైకప్పు. నీళ్లు దిగకుండా మూడు పూతలు వేసింది. వానొస్తే మంచం మీద బకెట్టు పెట్టుకుని పడుకునేదాన్ని నేనే కాబట్టి, ఆమె గెలవాలని నాకు మహా స్వార్థం.

నీళ్లు నిలిపి కప్పు కారుతుందేమో చూసే పరీక్ష రోజు ఆమె నీళ్లు పోయే గొట్టాల మూతులు బిగించి, లెక్క చెప్పింది. "పొడవు పది మీటర్లు, వెడల్పు ఎనిమిది. అంటే ఎనభై చదరపు మీటర్లు. సగటున ఐదు సెంటీమీటర్లు నిలవాలి. నాలుగువేల లీటర్లు చాలు మాస్టారూ!"

మా మామయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు గానీ, ఆ అలవాటు మాత్రం రిటైరవ్వలేదు. తెప్పించిన నీళ్ల ట్యాంకరు ఖాళీ కాగానే స్కేలు పట్టుకుని పైకెక్కారు. మెట్ల తలుపు దగ్గర కొలిచి, ముఖం మాడ్చుకున్నారు.

"మూడే ఉంది. ఎనభైకి మూడు సెంటీమీటర్లంటే రెండువేల నాలుగొందలు. మిగతా పదహారొందల లీటర్లు ఏవమ్మా? నీ పూత తాగేసిందా?"

ఆమె జవాబు చెప్పేలోపే ఆయన ఫోన్ తీసి, ఆమె ఇదివరకు పనిచేసిన పాత మేస్త్రికి చెప్పేశారు, ఈ వారంలోనే వచ్చి అంతా తవ్వెయ్యమని. అంత తొందర ఆయనకే చెల్లింది. నాకు ఒళ్లు మండింది. గబగబా కిందికెళ్లి, స్టూలెక్కి నా గది పైకప్పంతా తడిమి చూశాను. చుక్క తడి లేదు.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది.

"మాస్టారూ, ఆ స్కేలు ఇటు తెండి."

గొట్టాల పక్కన కొలిపించింది. ఏడు! మధ్యలో ఐదు.

"వాననీళ్లు గొట్టాలకేసి పరిగెత్తాలని, తలుపు దగ్గర్నుంచి ఇటు నాలుగు సెంటీమీటర్లు వాలు పెట్టాను కదండీ. మీరేమో ఎత్తు దగ్గరే కొలిచి, మేడంతా అంతేననుకున్నారు."

మామయ్యగారు నీళ్లలో నిలబడే వేళ్లు మడిచారు. "మూడూ ఏడూ పది, సగం ఐదు... నాలుగువేలు." నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అయినా నలభై ఎనిమిది గంటలూ ఆగాల్సిందే అంది ఆమె. పక్కనే ఎండలో ఒక డ్రమ్ములో నీళ్లు నింపి గీత గీసింది. రెండు రోజులు నిండేసరికి మేడ మీద అర సెంటీమీటరు తగ్గింది, డ్రమ్ములోనూ అంతే. ఎండ తాగింది తప్ప, కప్పు తాగలేదు. నా గది పైకప్పు పొడిగా, తెల్లగా ఉంది.

మామయ్యగారు ఆమె ముందే పాత మేస్త్రికి మళ్లీ ఫోన్ చేశారు.

"ఇక రావద్దయ్యా. తప్పు నాది, నేను తప్పు చోట కొలిచాను. మా ఇంటికి మేస్త్రి ఈవిడే."

ఆమె చటుక్కున గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే నవ్వుతూ ఏడ్చేసింది.