పొరపాటు మాది

మందిరం గేటు లోపల, టికెట్ల కిటికీకీ మంచినీళ్ళ కుళాయికీ మధ్య ఇరుక్కున్న గదిలో కూర్చుని మైకులో మాట్లాడే ఆవిడను అందరూ మైకత్త అనేవారు. అంతకుముందు ఆ కుర్చీ ఆమె భర్తది. ఆయన పోయాక, ఇంకెవరైనా దొరికేదాకా కూర్చోమని కమిటీవాళ్ళు ఆమెను కూర్చోబెట్టారు. ఆ ఇంకెవరో దొరకనే లేదు. వెతికితే కదా దొరకడానికి.

మొదటిరోజు ఆమె చేతికి నిబంధనల కాగితం ఒకటి ఇచ్చారు. పాదరక్షలతో ప్రవేశించరాదు, సంచులు అనుమతించబడవు, ఉల్లంఘించినవారు శిక్షార్హులు. కోర్టులో తీర్పులా ఉంది. ఆమె దాన్ని మైకులో బుద్ధిగా చదివింది. చదువుతూ కిటికీలోంచి చూస్తే, ఒక పెద్దావిడ చెప్పులు రెండూ విప్పి, కొంగులో చుట్టి, చంకలో పెట్టుకుని చక్కగా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు. వీళ్ళకి నియమం తెలియక కాదు, చెప్పులు పోతాయని భయం, అంతే అనుకుంది మైకత్త. శిక్ష అని బెదిరిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది గాని తగ్గదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. అదొక్కటే ఆ కాగితం వల్ల జరిగిన మేలు.

ఆ తర్వాత ఆమె తన మాటల్లోనే చెప్పింది. నేల కాలుతోందని చాప పరిచామని, చెప్పులు స్టాండులో ఇచ్చి చాప మీదుగా రమ్మని చెప్పింది. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే కదా జోడించగలరు, సంచి మాకిచ్చి వెళ్ళండి అంది. ఇచ్చేముందు డబ్బూ నగలూ తీసి దగ్గర పెట్టుకోమనడం మరిచేది కాదు. జనం నవ్వుకుంటూ ఇచ్చేవారు. దొరికిన వస్తువుల సంగతిలో మాత్రం మొదట్లో దెబ్బతింది. ఎర్ర పర్సు, లోపల వెండి గొలుసు అని వివరంగా చెప్పేసరికి ఒక్క పర్సుకి అయిదుగురు యజమానులు పరిగెత్తుకొచ్చారు. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి ఒక వస్తువు దొరికింది, ఏమిటో ఎలా ఉంటుందో మీరే చెప్పి తీసుకెళ్ళండి అనేది. అడిగిన వివరం సరిపోతేనే వస్తువు చేయి దాటేది.

చెప్పుల స్టాండులో ఆమె తోడికోడలు ఉండేది. చిన్నది, చురుకైనది, కాస్త కంగారు మనిషి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రోజూ ఒకే పోట్లాట. నీ నోటికి జీతమిస్తున్నారు, నా నడుముకి ఇవ్వట్లేదు అని చిన్నది దెప్పేది. అయినా స్టాండులో వచ్చే ఆ కాస్త జీతంతోనే చిన్నదాని పిల్లలిద్దరూ బడికి వెళుతున్నారని మైకత్తకు తెలుసు.

ఒక సెలవు రోజు, జనం ఇసకవేస్తే రాలనట్టున్న సమయంలో, చిన్నది చేయకూడని పని చేసింది. టోకెను తీసుకోవాలి, దాని నంబరున్న అరలోంచి జత తీసి నంబరు మళ్ళీ చూసుకుని ఇవ్వాలి. ఆమె టోకెను తీసుకుంది గాని, ఆ అరకి కింద ఉన్న అరలోంచి తీసి ఇచ్చేసింది. రెండూ నల్లవే. కాసేపటికి కింది అర టోకెను పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. మందిరానికి కొత్త మంటపం కట్టించిన దాత ఆయన. ఆయన అర ఖాళీ. పై అర టోకెను తిరిగొచ్చి మేకుకి వేలాడుతోంది, చెప్పులు మాత్రం అరలోనే ఉన్నాయి, మడమలు అరిగిపోయి. చిన్నది పరుగున వచ్చి అక్కకి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆలోగా మేనేజరు కాగితం రాసుకుని మైకు గదిలోకి వచ్చాడు. కొత్తగా వచ్చిన మనిషి, చెడ్డవాడు కాడు గాని దాతగారి ముందు వణుకుతున్నాడు. పాదరక్షలు దొంగిలించిన వ్యక్తి తక్షణం అప్పగించని యెడల పోలీసు చర్య తీసుకోబడును అని ఉంది అందులో. అది చదవమన్నాడు. జత దొరక్కపోతే స్టాండు మనిషిని ఈరోజే తీసేస్తానని దాతగారికి మాటిచ్చేశాడట. ఆ స్టాండు మనిషి గుమ్మంలోనే నిలబడి వింటోంది.

మైకత్త మైకుని అరచేత్తో మూసింది.

"దొంగ ఎవరండీ? మేం ఇస్తే తీసుకెళ్ళాడు" అంది.

అతనికి తెలిసే ఉంటుంది కదా, తనవి కావని అన్నాడు మేనేజరు. తెలిస్తే మాత్రం, దొంగా అని పిలిస్తే ఏ మనిషైనా వెనక్కి తిరిగి చూస్తాడా అని అడిగింది ఆమె. మేనేజరు కాగితం ముందుకు తోశాడు. ఆమె దాన్ని కళ్ళతో కూడా తాకలేదు. చేయి తీసి మైకులో చెప్పింది.

"చెప్పుల స్టాండు నుంచి విన్నపం. ఇందాక మేం ఒకరికి వేరేవారి జత ఇచ్చాం. పొరపాటు మాది. మీ సొంత జత ఇక్కడ భద్రంగా ఉంది. తిరిగొచ్చి మార్చుకోండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు."

మేనేజరు ముఖం కందగడ్డ అయింది. పొరపాటు మాది అనడానికి ఆమె ఎవరు, మందిరం తప్పు చేసిందని ఊరంతా వినాలా అని మండిపడ్డాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. అతను తీగ పీకేశాడు. ఆమె కుర్చీలోంచి లేచి, గేటు బయటికి వెళ్ళి, రోడ్డు మీద బస్సుల కోసం నిలబడ్డ జనం మధ్య అదే మాట గొంతెత్తి చెప్పింది. తోడికోడలు వద్దక్కా, నీ ఉద్యోగం కూడా పోతుంది అని కొంగు పట్టుకు లాగుతుంటే విదిలించుకుంది.

అరుగు మీద కూర్చున్న ఒక నడివయసు మనిషి లేచాడు. కాళ్ళ నుంచి చెప్పులు విప్పి, చేత పట్టుకుని, తలొంచుకుని ఆమె వెనకే స్టాండు దాకా వచ్చాడు. అక్కడ మేనేజరూ దాతగారూ నిలబడి ఉన్నారు. వాళ్ళను చూడగానే ఆ మనిషి చెప్పులు బల్ల మీద పెట్టేశాడు.

"నిజం చెప్పాలంటేనండీ, వేసుకోగానే తెలిసింది నాకు. మెత్తగా..."

"మైకులో ఏం చెప్పానో విన్నారు కదా. పొరపాటు మాది. ఇవిగో మీవి" అని మైకత్త అరిగిన జతను అతని కాళ్ళ ముందు పెట్టింది.

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తన చెప్పులు తనకి అందాయి కాబట్టి దాతగారూ తన దారిన వెళ్ళారు. చిన్నది ఖాళీ అయిన అరలవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆమె ఉద్యోగం నిలిచింది.

మైకత్తది నిలవలేదు. అలా అన్నందుకు క్షమాపణ రాసివ్వమన్నారు. దొంగ కానివాణ్ణి దొంగ అననందుకా అని అడిగింది. అది కాదు, మందిరం తరఫున తప్పు ఒప్పుకున్నందుకు అన్నారు. అయితే అస్సలు రాయనంది. కమిటీవాళ్ళు ఆలోచించి, ఎవరిచేతో నిబంధనలు గంభీరంగా చదివించి రికార్డు చేయించారు. ఆమెను చెప్పుల స్టాండుకి మార్చారు, జీతం తగ్గించి. ఇంట్లో చిన్నది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నావల్లే కదా అంది. నీవల్లే, ఇకనుంచి నంబరు చూసి ఇవ్వు అంది మైకత్త.

ఇప్పుడు మైకులో రోజంతా ఆ రికార్డు గొంతే మోగుతుంది. పాదరక్షలు, సంచులు పోయినచో యాజమాన్యం బాధ్యత వహించదు అంటుంది. ఆ మాట వినగానే జనం స్టాండు ముందు ఆగిపోతారు. విప్పిన చెప్పులు చేతిలోనే ఉంటాయి. ఇవ్వాలా, చంకలో పెట్టుకోవాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మైకత్త బల్ల మీదుగా చేయి చాస్తుంది.

"అది యాజమాన్యం మాట. బాధ్యత నాది, ఇలా ఇవ్వండి."

ఇస్తారు.