మంచి శుక్రవారం లెక్కలోకి రాదు

మా ఆయన ముప్పై ఏళ్లు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేశారు. ఆ మిషన్ల హోరు ఆయన చెవులు తినేసింది. ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. ఆయన మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్లు గొడవేమో అనుకుని తొంగిచూసేవారు. గుంటూరు డాక్టరు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టించమన్నాడు. నేను ఒకటో తరగతి పంతులమ్మని. చీటీ వేసి, చీరలు మానుకుని, రెండేళ్లకు ముప్పై ఎనిమిది వేలు కూడబెట్టి బ్యాంకులో ఉంచాను.

ఆ ఏడు పాస్టరుగారు మంచి శుక్రవారానికి ఎవరికి ఇష్టమైంది వాళ్లు వదులుకోండన్నారు. పచ్చడి వదలడం నావల్ల కాదు గనుక ఫోను వదిలేశాను. గురువారం పొద్దున సైలెంటులో పెట్టి బీరువాలో పడేశాను. ఆదివారం ఈస్టరుతో ఉపవాసం అయిపోయింది. కానీ ఫోను లేకపోతే ఇంత హాయిగా ఉందేమిటని ఇంకో రెండు రోజులు సాగదీశాను. నా భక్తి చూసి నేనే మురిసిపోయానన్నమాట.

బుధవారం మధ్యాహ్నం ఒంటిపూట బడి నుంచి వచ్చి ఛార్జింగు పెడితే నాలుగు మెసేజీలు. నాలుగూ గురువారం సాయంత్రానివే. ఏదో విదేశీ వెబ్‌సైటులో నా కార్డు మీద నాలుగుసార్లు, ఒక్కోసారి తొమ్మిది వేల పైచిలుకు పెట్టి కొనేశారు. ఓటీపీ కూడా రాలేదు. ఖాతాలో వందల్లో మిగిలింది.

"డబ్బు పోయిందండీ!" అన్నాను. వినపడలేదు. గట్టిగా అరిచాను. ఆయనకంటే ముందు వీధంతా విన్నది. ఆయన నా మొహం చూసి, "నాకేం మిషన్లొద్దులే, ఇన్నేళ్లు గడవలేదా" అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

ఆటో పట్టుకుని బ్యాంకుకు పరిగెత్తాం. కౌంటరులో పెద్దాయన మెసేజీలు చూసి పెదవి విరిచాడు. "ఆరు రోజులైందమ్మా. మూడు రోజుల్లో చెబితే మీకు నష్టం ఉండదు. అది దాటితే మీ పొదుపు ఖాతాకు ఒక్కో లావాదేవీకి పదివేల దాకా మీరే భరించాలి. మీవి నాలుగూ పదివేల లోపువే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

అంటే నష్టం మొత్తం నాదే. నా నోరు లేచింది. దేవుడి కోసం ఫోను పక్కన పెడితే ఇదా ఫలితమని ఆ పెద్దాయన మీద అరిచాను. ఆయన దేవుడు కాదన్న సంగతి అప్పుడు గుర్తులేదు.

లోపలి గదిలోంచి ఆఫీసరమ్మ బయటికొచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది. ముందు కార్డు బ్లాక్ చేయించింది. "ఓటీపీ గానీ, పిన్ గానీ ఎవరికైనా చెప్పారా అమ్మా? ఏదైనా లింకు నొక్కారా?" అని అడిగింది. లేదన్నాను. బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ కొనుగోళ్లవీ, ఇంకేవో స్విచ్చులుంటే, ఏది ఎందుకో తెలియక, అన్నీ ఆన్ చేసి కూర్చున్నానని మాత్రం సిగ్గుపడుతూ ఒప్పుకున్నాను. అప్పుడామె గోడ మీది క్యాలెండరు దించింది.

"మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. ఆ తర్వాత మన బ్రాంచి పనిచేసిన రోజులే లెక్క. శుక్రవారం గుడ్ ఫ్రైడే సెలవు. శనివారం రెండో శనివారం. ఆదివారం సరేసరి. సోమవారం ఒకటి, మంగళవారం రెండు, ఇవాళ మూడు." పెద్దాయన కళ్లజోడు సర్దుకుని తనూ లెక్కపెట్టాడు. "నిజమేనమ్మా, నేనే తొందరపడ్డాను" అన్నాడు. అంత సూటిగా తప్పు ఒప్పుకున్న మనిషి మీద అరిచినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఫిర్యాదు ఫారం ఆ పెద్దాయనే దగ్గరుండి నింపించాడు. ఆమె తేదీ, టైమూ, ఫిర్యాదు నంబరూ వేసిన రసీదు చేతిలో పెట్టి, సైబరు ఫిర్యాదు కూడా ఇవ్వమంది. "తప్పు మీదైతే నిరూపించాల్సింది బ్యాంకే, కాదని మీరు నిరూపించుకోనక్కర్లేదు. రేపొచ్చి ఉంటే మాత్రం నేనేం చేయగలిగేదాన్ని కాదమ్మా" అంది. రేపు ఎలాగూ బడి ఉంది, ఎల్లుండి ఛార్జింగు పెట్టుకుందాం అనుకుని ఉంటేనో?

పది పనిదినాల్లోపే డబ్బు ఖాతాలో పడింది, విచారణ తేలేదాకా ముట్టుకోవద్దన్న షరతుతో. తొంభై రోజులు గడవకముందే ఫిర్యాదు నాకు అనుకూలంగా తేలిందని ఉత్తరం వచ్చింది. ఆ వారమే గుంటూరు వెళ్లి మిషన్లు పెట్టించాం.

వచ్చేటప్పుడు బ్యాంకు దగ్గర దిగాం. ఆఫీసరమ్మకు ఎన్నిసార్లు దండం పెట్టినా నాకు తనివి తీరలేదు. పక్కనే ఉన్న మా ఆయన మెల్లగా ఏదో అన్నారు. ఆమె ముందుకు వంగి, "ఏమన్నారండీ? వినపడలేదు" అంది.

ఆయన ఇంకాస్త గొంతు పెంచారు. "చాలా సంతోషం తల్లీ."