మామ మెడకో బ్రాకెట్

మా మామకు మెడ అరిగింది. ఏళ్ల తరబడి కుట్టుమిషన్ మీద వంగిన దర్జీ మెడ అది, అరగక ఏం చేస్తుంది! డాక్టర్ పట్టీ వేసి, కొన్నాళ్లు మంచం దిగొద్దన్నాడు. దానికాయన పెద్దగా ఫికర్ చేయలేదు. సాయంత్రం అత్తమ్మతో కలిసి సీరియల్ చూడటం మాత్రం ఆగకూడదు. ఆయన విలన్‌ను తిడతాడు, ఆమె హీరోయిన్‌ను తిడుతుంది. లాల్‌దర్వాజాలోని ఈ అద్దె ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ నేను ఆ లొల్లి వింటూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే కొత్త టీవీ వచ్చింది. గోడకు బిగించే పని మా ఆయన నెత్తికెత్తుకున్నాడు. స్క్రీన్‌ను కిందికి వంచే బ్రాకెట్ తెచ్చి, గోడ ముందు నిటారుగా నిలబడి, తన కళ్ల ఎత్తున గీత గీసి బిగించేశాడు. మా ఇంట్లో నిలబడి టీవీ చూసేవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

స్క్రీన్ కిందికైతే వంగింది, పక్కకు మాత్రం తిరగలేదు. మామ మంచం మూలకుంది. పడుకుని చూడాలంటే ఆయన తల పూర్తిగా కుడికి తిప్పాలి. కింద చాప మీద కూర్చునే అత్తమ్మ తల పైకెత్తాలి. రెండు రోజులకు మామ టీవీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“మీరు చూడుండ్రి. నాకు ఇనవడ్తది తియ్,” అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, వెంటనే మా ఆయన మీద కోపమూ వచ్చింది. అత్తమ్మ కూడా టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నాకది అస్సలు నచ్చలేదు.

మంచం తిప్పుదామంటే ఎటు తిప్పుతాం? తల ఉత్తరానికి పెట్టకూడదు. కాళ్లు తూర్పుగోడలోని దేవుడి గూటివైపు చాపకూడదు. పడమట గుమ్మం, అటూ కాళ్లు పెట్టకూడదు. ఇన్ని దిక్కులు పోగా మంచం ఉన్నచోటే ఉంది. ఇక తిరగాల్సింది టీవీయే.

చాంద్రాయణగుట్టలో టీవీ బ్రాకెట్లు అమ్మే షాపుకు వెళ్లి, అక్కడి భాయ్‌కి మా గది సంగతంతా చెప్పాను.

“బిస్తర్ మీదికెల్లి చూసేటోళ్లా అమ్మా, కుర్సీల కూసునేటోళ్లా?” అని అడిగాడు.

“ఒకరు మంచం మీద, ఇంకొకరు కింద,” అన్నాను.

ఆయన నవ్వాడు. “చెయ్యి ఉన్న బ్రాకెట్ తీస్కో. బయటికి గుంజొచ్చు, పక్కకు తిప్పొచ్చు, కిందికి వంచొచ్చు. గానీ పైకి కిందికి జరగది. ఎత్తు ఒక్కటే ఉంటది, అది ముందుగాల్నే చూస్కోవాలె.”

టీవీ బరువు అడిగాడు, వెనక రంధ్రాల కొలత ఫోన్‌లో చూసి సరిపోల్చాడు. చెయ్యి బయటికి చాచినప్పుడు బరువంతా గోడను లాగుతుంది కాబట్టి, బోల్టులు పైపూతలో కాకుండా లోపలి ఇటుకలోకి దిగాలని మరీ మరీ చెప్పాడు.

ఎత్తు చూడటానికి ఈసారి మా ఆయన్ను రానివ్వలేదు. మామ తల కింద రోజూ పెట్టే దిండే పెట్టాం. నేను బ్రాకెట్ చెయ్యి చాస్తే టీవీ వచ్చేచోట స్టీలు తాంబాళం పట్టుకుని, హారతిచ్చినట్టు పైకీ కిందికీ జరిపాను. గడ్డం లేపకుండా, మెడ కదపకుండా ఆయన చూపు హాయిగా ఎక్కడ ఆగుతుందో అక్కడే తాంబాళం నడుమ రావాలి.

“ఆఁ, గాడనే!” అన్నాడు.

ఆ చోటు చాప మీద కూర్చున్న అత్తమ్మకు చాలా ఎత్తు. కిందికి జరుపుదామంటే మామ గడ్డం ఎదకు ఆనించుకుని చూడాలి. తాంబాళంతో నా చేతులు పీకుతున్నాయి. ఒక మెడకు సుఖమైతే ఇంకో మెడకు కష్టం.

“ఆయినకు మంచిగున్నకాడనే పెట్టు. నాకెందుకు టీవీ, మస్తు పనులున్నయ్,” అంది అత్తమ్మ. అబద్ధమని అందరికీ తెలుసు.

మామ మంచం మీద కొంచెం లోపలికి జరిగాడు. “ఏమే, నువ్వే ఈడికి రా. ఇద్దరం ఒక్క ఎత్తుల ఉంటం.”

“కోడలి ముందటనా? సిగ్గు లేదా?” అని అత్తమ్మ కస్సుమంది. మా ముందు ఆమె ఆయన మంచం మీద కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. భోజనం పెట్టినా, మందు ఇచ్చినా నిలబడే.

తాంబాళం నడుమ ఉన్న ఎత్తునే గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను.

బిగించేవాళ్లు వచ్చి పాత బ్రాకెట్ తీసి, కొత్తది బిగించి వెళ్లారు. సాయంత్రం చెయ్యి చాచి, స్క్రీన్‌ను మూలవైపు తిప్పి, పైఅంచు కొంచెం ముందుకు వంచాను. మామ కళ్లకు బొమ్మ తిన్నగా పడింది. అత్తమ్మ చిక్కుడుకాయల చాట పట్టుకుని చాప దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత నావైపు చూడకుండా వెళ్లి, మంచం పట్టె మీద ఆయన దిండు పక్కనే కూర్చుంది.

విలన్ రాగానే మామ ఆవేశంగా లేవబోయాడు.

“పండుకోండ్రి! మెడ కదుల్తది,” అంటూ ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

సీరియల్ అయిపోయేదాకా ఆ చెయ్యి తీయలేదు.