ఎర్ర పెట్టెకు జవాబు

ఆ ఎర్ర పెట్టె సంగతి వదినకు ఎప్పుడు తెలిసింది? చదివిన క్షణానే తెలిసి రెండు రోజులు ఊరుకుందా, జవాబు రాస్తూ రాస్తూ తెలుసుకుందా, రాశాక ఎవరి ముఖమో చూసి పట్టేసిందా? ఇన్నేళ్ళయినా, ఎటునుంచి తిరగేసి చూసినా, చెబుతున్న నాకు అంతుపట్టడం లేదు.

వదిన అంటే కొట్టాయన భార్యకు అక్క. అయినా ఆ కొట్లో అందరికీ ఆమె వదినే. కొట్టు పెద్దదేమీ కాదు. ముందు గదిలో బల్ల, వెనక గదిలో రెండు కుట్టు మిషన్లు, గోడంతా మేకులకు వేలాడే సంచులు. చక్రం ఊడిన సూట్‌కేసులు, పిడి తెగిన బ్యాగులు, పళ్ళు పట్టని జిప్పులు అక్కడికి వస్తాయి, నాలుగు రోజులు వేలాడి బాగుపడి వెళతాయి. జిప్పులూ కుట్లూ కుట్టు తాతవి. చక్రాలూ పిడులూ చక్రాలక్కవి. గిరాకీలతో మాట్లాడటం కొట్టాయనది.

ఈ రోజుల్లో కొట్టు ముందు బోర్డు ఉంటే చాలదు. ఫోనులో దారి చూపించే పటం మీద కూడా కొట్టు ఉండాలి, దాని కింద జనం నక్షత్రాలు పెట్టి నాలుగు మాటలు రాయాలి. రాసినవాళ్ళకు కొట్టు తరఫున జవాబివ్వాలి. మొదట్లో ఆ పని కొట్టాయనే చేసేవాడు. ఒక వాక్యం రాసి పెట్టుకున్నాడు: ‘మీ ఆదరణకు ధన్యవాదాలు, మళ్ళీ మళ్ళీ రండి.’ ఎవరు ఏమి రాసినా అదే తీసి అతికించేవాడు. ఒకామె తన తండ్రి పోయాక ఆయన పాత పెట్టె తెచ్చుకుంది. పిడి బాగుచేయించుకుని, ‘ఈ పిడి పట్టుకుంటే నాన్న చెయ్యి పట్టుకున్నట్టుంది’ అని రాసింది. దాని కిందా అదే. మళ్ళీ మళ్ళీ రండి. మర్నాడు ఆమె కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళిపోయింది. భార్య ఆ రాత చూసి, మీకు మాటలకేమైనా కరువొచ్చిందా అని అడిగి, అక్కను పిలిపించింది.

వదిన అప్పటికి ఉద్యోగం మానేసి ఏడాది. ఇరవై ఆరేళ్ళు బస్‌స్టేషనులో విచారణల కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఒకే ప్రశ్నకు రోజుకు మూడు వందల సార్లు జవాబు చెప్పి కూడా ఎవరినీ కసురుకోలేదని ఆ కిటికీకి పేరు. ఎలా చెప్పేవారని చక్రాలక్క ఒకసారి అడిగితే, “ప్రశ్న పాతదేనమ్మా, అడిగే మనిషి కొత్త కదా” అంది. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోడలు చూస్తున్న వదినకు ఈ పనితో ప్రాణం లేచొచ్చినట్టయింది. పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని వచ్చేది, బల్ల చివర కుర్చీలో కూర్చునేది, కొట్టు ఫోను ముందు పెట్టుకునేది.

ఆమె పద్ధతి వేరు. కొత్త జవాబు రాసే ముందు పాతవి పది చదివేది, నిన్నటి మొదటిమాట ఇవాళ రాకుండా. ఎవరైనా రెండు ముక్కలు రాస్తే రెండు ముక్కలే రాసేది. పొట్టి మెచ్చుకోలుకు పొడుగు జవాబిస్తే మీద పడ్డట్టుంటుందనేది. పొడుగ్గా రాసినవాళ్ళ మాటల్లోంచి ఒక్క విషయం పట్టుకుని దాని మీదే మాట్లాడేది. వాళ్ళు పైకి చెప్పనిది తాను చెప్పేది కాదు. బ్యాగులో మందుల చీటీలు కనిపించినా, విడాకుల కాగితాలు కనిపించినా, అవి జవాబులోకి వచ్చేవి కావు. తండ్రి పెట్టె తెచ్చినామెకు రాసింది మాత్రం కొట్టాయన కూడా మరచిపోలేదు: ‘ముందు రాసిన జవాబు మా తప్పు. ఆ పిడికి పాత తోలునే ఉంచి లోపల మాత్రమే కొత్త ఇనుము వేశాం, మీ నాన్నగారి చెయ్యి తగిలిన చోటు మారకూడదని.’ ఆమె మళ్ళీ వచ్చింది, ఈసారి తల తిప్పుకోకుండా.

ఆరు నెలల్లో మెచ్చుకోళ్ళు మూడింతలయ్యాయి. అక్కడే కొట్టాయన మనసులో పురుగు తొలవడం మొదలైంది.

మొదట ఆ పురుగును వేసింది పక్క జిరాక్సు కొట్టాయన. ఆయన ఫోను చూస్తూ నవ్వి, మీ దగ్గరకొచ్చేవాళ్ళంతా కవులేనా అన్నాడు. జిప్పు బాగుచేయించుకున్నవాడు జిప్పు బాగుందంటాడు గానీ, తాత చేతికుట్టు గురించి అంత వర్ణన చేస్తాడా? ఆ వారమే ఎవరో ఊరూ పేరూ లేని మనిషి ఒకే నక్షత్రం పెట్టి రాశాడు: ఈ మెచ్చుకోళ్ళు వీళ్ళే రాసుకుంటున్నారు, జవాబులు చూస్తే తెలియడం లేదా అని. దొంగ మెచ్చుకోళ్ళు పట్టుబడితే పటం వాళ్ళు ఉన్నవన్నీ తీసేస్తారని, కొట్టు పేరు కింద దొంగ ముద్ర పడుతుందని జిరాక్సాయన కొసరు వేశాడు.

అప్పటి నుంచి కొట్టాయన కళ్ళు వదిన మీదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేసే ప్రతి పనీ కనిపించసాగింది. తాను దగ్గరికి వెళితే ఫోను బోర్లా పెడుతోందా? జవాబుల్లో గిరాకీ రాయని సంగతులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ‘ఆ కుట్టు మూడుసార్లు విప్పి మళ్ళీ వేశారు’ అని ఒకచోట ఉంది. విప్పినట్టు తనకే తెలియదు, బల్ల చివర కూర్చున్న మనిషికెలా తెలుసు? తాను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఆమె కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటోంది?

ఒకరోజు ఆమె లేనప్పుడు బల్ల సొరుగులో నల్ల అట్ట నోటుబుక్కు దొరికింది. నిండా మాటలే. ‘నీలం బ్యాగు, మందం దారం, పిల్ల బరువు పుస్తకాలు మోస్తుందని.’ ‘ఆ చక్రం తిరుగుతుంటే చప్పుడే రాలేదు, నాకే ముచ్చటేసింది.’ పక్కనే తేదీలు. ఇవి మెచ్చుకోళ్ళకు చిత్తుప్రతులు కాక మరేమిటి?

ఇంట్లో భార్యతో అంటే ఆవిడ కస్సుమంది. తన అక్క ఇరవై ఆరేళ్ళలో ఒక బస్సు రాదని తెలిసీ వస్తుందని ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ రోజే ఆ కిటికీ మూసేసుకునేదంది. “మీకు అనుమానమైతే అడగండి, ఎదురుగా అడగండి” అంది.

ఎదురుగా అడిగే ధైర్యం కొట్టాయనకు లేదు. వల వేశాడు. తన రెండో నంబరు మీద లేని పేరుతో ఒక ఖాతా తెరిచి, ఐదు నక్షత్రాలు పెట్టి రాశాడు: ‘నా ఎర్ర పెట్టె చక్రం ప్రయాణం రోజు ఉదయమే విరిగింది. అక్కడ చక్రాలు వేసే ఆవిడ గంటలో బాగుచేసి ఇచ్చారు. రైలు తప్పిపోలేదు. ఆ చెయ్యి చల్లగా ఉండాలి.’ రాసి, తానే రెండుసార్లు చదువుకుని, బాగానే కుదిరిందనుకున్నాడు. ఇక వదిన ‘అవును, ఆ ఉదయం బాగా గుర్తుంది’ అని రాస్తే దొరికిపోయినట్టే. లేని పెట్టె గుర్తున్నదన్న మనిషి లేని మెచ్చుకోలు రాయలేదా?

మొదటి రోజు జవాబు రాలేదు. ఏ మాటకైనా సాయంత్రంలోగా జవాబిచ్చే మనిషి. రెండో రోజూ రాలేదు. కొట్టాయనకు అన్నం సహించలేదు. ఆమె ముఖంలో ఏమైనా తేడా ఉందా అని జిప్పుల డబ్బా సర్దుతున్నట్టు నటిస్తూ చూశాడు. ఆమె మామూలుగానే అద్దాలు తుడుచుకుంటోంది. మధ్యలో ఒకసారి తలెత్తి, ఈ మధ్య మీరు సరిగా తినడం లేదని చెల్లెలు చెప్పింది, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉన్నానన్నాడు.

మూడో రోజు పొద్దున జవాబు కనిపించింది.

‘మీ ప్రయాణం ఆగనందుకు మాకూ సంతోషం. మీ మాట తీసుకెళ్ళి మా చక్రాల ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ రెండు రోజులు గుర్తు చేసుకుని చూసింది. ఈ రెండు నెలల్లో ఎర్ర పెట్టె ఏదీ తన చేతికి రాలేదట. చెయ్యని పనికి మెచ్చుకోలు తీసుకోనంది. బహుశా ఆ పని మరో కొట్టులో ఎవరో చేసి ఉంటారు. వాళ్ళెవరో గుర్తొస్తే ఈ నాలుగు మాటలూ వాళ్ళకు చేరవేయండి. పాపం, ఇంత మంచి మాట కోసం వాళ్ళు ఎదురుచూస్తూ ఉండవచ్చు.’

మధ్యాహ్నానికి ఆ జవాబు కింద ఇరవై మంది మెచ్చినట్టు గుర్తు పెట్టారు. తండ్రి పెట్టె తెచ్చినామె కూడా పెట్టింది. ఒక్క నక్షత్రం మనిషి మళ్ళీ కనబడలేదు.

కొట్టాయన వెనక గదికి వెళ్ళాడు. చక్రాలక్క ఒక సూట్‌కేసును బోర్లించి మేకు పీకుతోంది. ఎర్ర పెట్టె మాట ఎత్తాడు, ఏమీ తెలియనట్టు.

“వదినగారు రోజూ వచ్చి చదువుతారు కదండీ, మీరు భోజనానికి వెళ్ళినప్పుడు” అంది. “ఎవరు ఏం రాశారో చదివి, ఎలా చేశావ్, ఏం కష్టమైంది అని అడిగి ఆ నల్లపుస్తకంలో రాసుకుంటారు. మా మాటలే జవాబులో పెడతారు.”

“పద్నాలుగేళ్ళు కుట్టాను ఇక్కడ” అన్నాడు కుట్టు తాత మిషను ఆపకుండా. “బయటివాళ్ళు బాగుందన్నారని నా చెవిన వేసింది ఆవిడొక్కతే. మీరు కాదు బాబూ, ఏమనుకోకండి.”

చిత్తుప్రతులనుకున్నవి ఈ ఇద్దరి నోటి మాటలు. తాత విప్పి కుట్టిన మూడుసార్లూ తాత చెప్పినవే. ఆ జవాబులు చదివి చదివి గిరాకీలు కూడా పనిని చూడటం నేర్చుకున్నారు. రాయడమూ అలాగే వచ్చింది వాళ్ళకు. మొత్తం పేజీలో దొంగ మెచ్చుకోలు ఒక్కటే ఉంది. అది తన చేత్తో రాసింది.

తీసేద్దామని ఫోను తీశాడు. తీసేస్తే దాని కింద ఉన్న జవాబు కూడా పోతుంది. ఆ కొట్టు గురించి అంతవరకు ఎవరూ అంత గౌరవంగా రాయలేదు. ఉంచితే దొంగది ఉన్నట్టే, తీస్తే నిజమైనది పోయినట్టే. వేలు బొత్తాం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండు రోజులు అలాగే గడిపాడు. చెబుదామని వదిన కుర్చీ దాకా వెళ్ళి, జిప్పు రన్నర్లు అయిపోయాయా అని అడిగి తిరిగొచ్చాడు.

మూడో నాడు భోజనాలవేళ ఆమె వెనక గదికి వెళ్ళలేదు. నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద కొట్టు ఫోను పెట్టింది. మొదటి పేజీలో పాస్‌వర్డు, ఎప్పుడెప్పుడు చూడాలో, ఎవరిని ఏమి అడగాలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

“ఆ ఎర్ర పెట్టె మాట తీసెయ్యండి మరిదిగారూ” అంది. గొంతులో కోపం లేదు, అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది. “ఎవరైనా పట్టుకుంటే మిగతావన్నీ కూడా అలాంటివే అనుకుంటారు. తాత పనికొచ్చినవీ, చక్రాలక్క పనికొచ్చినవీ.”

“తీస్తే మీ జవాబు పోతుంది వదినా.”

“పోనివ్వండి. అది చదవాల్సినవాళ్ళు చదివేశారు.”

ఆమె వందల మందికి వందల రకాలుగా మాట చెప్పడం కొట్టాయన ఆరు నెలలుగా పక్కనే కూర్చుని చూశాడు; తనకు ఒక్కటి కూడా దొరకలేదు. నాలుక చివరికి వచ్చింది మాత్రం ఆ పాత అతుకుడు వాక్యమే. దాన్ని మింగాడు. తల వంచుకుని రెండో నంబరు ఖాతా తెరిచాడు, ఎర్ర పెట్టెను వెతికి పట్టుకున్నాడు. నిజంగా తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. అవునన్నాడు. తాను రాసిందీ ఆమె రాసిందీ ఒక్కసారే మాయమయ్యాయి.

తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వెనక గదిలో ఉందేమోనని చూశాడు. తాత మిషను తొక్కుతున్నాడు, అక్క చక్రానికి నూనె వేస్తోంది, ఇద్దరూ ఆమె చదవడానికి వస్తుందని గుమ్మం వైపు చూస్తున్నారు. కుర్చీ పక్కన గొడుగు లేదు. వీధిలోకి పరుగెత్తాడు. మలుపు దగ్గర, జనం మధ్య, ఆ గొడుగు నిదానంగా వెళుతోంది. ఎప్పుడూ గుమ్మం దగ్గర ఆగి ‘వెళ్ళొస్తాను’ అనే మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు.