సింధు చేతుల రంగు

జీడిపిక్కలు కొట్టే చేతులు చూశారా ఎప్పుడైనా? ఎంత బూడిద రాసుకున్నా పెంకులోంచి కారే జీడిరసం తోలును కాల్చేస్తుంది. కణుపులు, మోచేతులు నల్లబడతాయి, కాలిన చోట మానాక తెల్లమచ్చలు మిగులుతాయి. పలాసలో ఆ పని చేసిన సింధు చేతులు అచ్చం అలాగే ఉండేవి.

పెళ్ళినాడు ముస్తాబుకి తల్లి తవిటమ్మ అరసవల్లి నుంచి దుర్గాభవానిని పిలిపించింది. బ్యూటీ పార్లర్ పెట్టి, ఎందరో పెళ్ళికూతుళ్ళను సింగారించిన మనిషి. సాలూరు మగపెళ్ళివారికి పిల్ల ఏ పనికీ వెళ్ళదు, ఇంటిపట్టునే ఉంటుందని చెప్పారట. ఏ మచ్చా కనబడకూడదంది తవిటమ్మ.

నలుగు నూనె మిగిలితే రంగు జారిపోతుందని భవాని ముందు చేతులు శుభ్రంగా తుడిచింది. నల్లటి కణుపుల మీద మాత్రమే నలుపును కప్పే నారింజరంగు క్రీము పల్చగా అద్దింది. తెల్లమచ్చలకి అది పనికిరాదు, అక్కడ నేరుగా ఒంటిరంగే. తర్వాత ముఖానికి కాక, జబ్బ రంగుకి సరిపోయే ఫౌండేషన్ వేసి, అంచులు కలిపి, పౌడరు అద్ది, రంగు చెదరకుండా స్ప్రే కొట్టింది. కన్యాదానం నీళ్ళు పోసినా చెక్కు చెదరలేదు! పెళ్ళికొడుకు తల్లి అనూరాధ కోడలి చేయి పట్టుకుని, ఎండ తగలని పిల్ల అని పదిమందికీ చూపించి మురిసిపోయింది. భవానికి గర్వంతో ఒళ్ళు పొంగింది.

మర్నాడు స్నానంతో బండారం బయటపడింది. అత్త పెళ్ళి రద్దు చేయలేదు, అంత పరువు తక్కువ పని ఆవిడ చేస్తుందా! పదిమందికీ చూపించిన చెయ్యి కదా, అలాగే ఉండాలంది.

నెల తిరక్కుండానే సింధు పార్లర్‌కి వచ్చింది.

"అక్కా, గిన్నెలు తోమితే పోతన్నాది. పోనిది ఏటైనా ఉన్నాదా?"

భవాని ఆ చేతులు తిప్పి చూసింది. "లేదమ్మా. సబ్బునీళ్ళకి ఏదీ నిలవదు. తోలు డాక్టరుకి సూపించు. మందు రాసి, మళ్ళీ కాలకుండా సూసుకుంటే నలుపు మెల్లగా తగ్గుతాది. తెల్లమచ్చలు మాత్రం సెప్పలేం."

"డాక్టరు కాడికి ఎల్తే నలుగురికీ తెలుస్తాదంట. తోమీసి, మళ్ళీ పూసుకుని వొడ్డించమంటంది మా అత్త."

పాడు మనుషులు! గిన్నెలు తోమడానికి ఆ చేతులు పనికొస్తాయి, అన్నం పెట్టడానికి పనికిరావు. భవానికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అనూరాధనే తిట్టాలో, చేతినిండా అబద్ధం పూసిన తననే తిట్టుకోవాలో తెలియలేదు. వద్దని చెప్తే పిల్ల వట్టి చేతులతో ఆ ఇంటికే పోవాలి.

కుర్చీ లాగి కూర్చోబెట్టింది. నలుపు మీద ఏది, తెలుపు మీద ఏది, ఎంత పల్చగా అద్దాలో ఓపిగ్గా చూపించింది. సింధు ఒక్కసారికే పట్టేసింది. ఏళ్ళ తరబడి పిక్క కొట్టి, పప్పు విరక్కుండా తీసిన వేళ్ళు అవి.

చెయ్యి చాపి, "సరిగ్గా కుదిరిందా అక్కా?" అని ఆశగా అడిగింది.

ఎంత వెతికినా మచ్చ కనబడలేదు.

"కుదిరిందమ్మా," అంది భవాని, ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుండగా.