మచ్చలేని పుస్తకం

వానాకాలంలో మధ్యాహ్నం మూడు దాటితే మా ల్యాబ్ నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించేది. చెన్నై శివారు షోళింగనల్లూరులో నాలుగో అంతస్తు. కిటికీ అవతల మబ్బు, ఇవతల అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లు నింపిన సీసాలు. బ్యూరెట్‌లోంచి చుక్క చుక్క పడుతుంటే ఫ్లాస్కులో ద్రాక్షరసం రంగు నెమ్మదిగా విరిగి, ఉన్నట్టుండి నీలంగా తేలుతుంది. ఆ నీలం దగ్గర ఆగి, ఎన్ని మిల్లీలీటర్లు పడిందో చూసి రాస్తే, ఆ నీళ్ల కాఠిన్యం ఎంతో తెలుస్తుంది. పాతికేళ్లుగా చూస్తున్నా ఆ రంగు మారే క్షణానికి ఇప్పటికీ నా మాట ఆగిపోతుంది.

కానీ ఆ సంవత్సరానికి నా చేతిలో బ్యూరెట్ లేదు. ఇతరులు రాసిన నోట్‌బుక్‌లు చదివి, సరిగా రాశారో లేదో తేల్చడం నా పని. చదవడమంటే లెక్కలు సరిచూడటం ఒక్కటే కాదు. చేసిన పని చేసిన రోజునే, చేసిన చోటే రాశారా, తప్పు పడితే కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన పొడి సంతకం, తేదీ, కారణం పెట్టారా అని వెతకాలి. అత్తగారి కళ్లతో చదవాలి అని మా ఇంట్లో వాళ్లు వేళాకోళం చేసేవారు. పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, నాకు మొహమాటం తక్కువే.

ఆ రోజు నా ముందున్న పుస్తకం శిక్షణలో ఉన్న ఒక అమ్మాయిది. తొండియార్‌పేట పిల్ల, తండ్రిది హార్బరులో పని, ఇంట్లో మాలాగే తరాల నాటి మద్రాసు తెలుగు. పొద్దున రెండు బస్సులు మారి వచ్చేది. ఈ పుస్తకం నా చేతిలో నెగ్గితే ఉద్యోగం ఖాయం. నెగ్గకపోతే ఇంటికి.

పుస్తకం తెరిస్తే కళ్లు చల్లబడ్డాయి. ముత్యాల్లాంటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన గడులు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. కాసేపు నిజంగానే ఆ పేజీల మీద తేలిపోయాను. ఇరవయ్యో పేజీ దగ్గర నా సుఖం చెడింది. రోజూ నీళ్లతో పనిచేసే బల్ల మీద పెట్టిన పుస్తకం మీద ఒక్క చుక్కయినా పడదా? ఐదు రోజుల పని ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క గుక్కలో రాసినట్టు ఎందుకుంది? ముప్పై ఒకటో పేజీలో తేదీ చూశాను. ఆ సోమవారం వాన వల్ల ల్యాబ్ మూసేశారు. మనిషి లేని ల్యాబ్‌లో మూడు పరీక్షలు జరిగాయట.

ఒళ్లు మండింది. లెక్కలు అల్లి రాసేవాళ్లంటే నాకు పడదు. పిలిపించాను.

"ఆ రోజు ల్యాబే లేదు కదమ్మా. ఈ రీడింగులు ఎక్కడివి?"

ఆ అమ్మాయి పేజీ చూసింది, నన్ను చూసింది. వెళ్లి, తన బ్యాగులోంచి క్లిప్పు పెట్టిన చీటీల కట్ట తెచ్చింది. వాడేసిన ప్రింటు కాగితాల వెనకవైపు, చేతి తొడుగుల అట్టపెట్టె ముక్కల మీద గజిబిజిగా అంకెలు. చుక్కలు పడి కొన్ని అలుక్కుపోయాయి.

"ఇవిదా మేడం నిజమైనవి. బల్ల దగ్గర ఈటిలో రాసుకుంటా. శుక్రవారం టీ టైములో బుక్కులో ఫెయిర్ చేస్తా. ఆ శుక్రవారం కుదరక ఇంకో వారం ఆగి రాసినా. చీటీ మీద సోమవారం అని మాత్రం రాసినాను, ఏ సోమవారమో మరిచిపోయి తరవాతి వారం తేదీ వేసేసినా."

నమూనాల రిజిస్టరు తెరిచాను. చీటీ మీదున్న నమూనా నంబరు అంతకుముందు సోమవారం వచ్చినదే. చీటీల్లో అంకెలకూ పుస్తకంలో అంకెలకూ తేడా లేదు. ఆ పిల్ల పరీక్షించిన నీళ్లనే సీనియర్ ఒకరు విడిగా పరీక్షించేవారు, ఆ ఫలితాలతోనూ అంకెలు కలిశాయి. రిపోర్టులు సీనియర్ అంకెలతోనే వెళ్లేవి కాబట్టి బయట ఎవరికీ నష్టం లేదు. అయితే ఒక చీటీ మీద మాత్రం పుస్తకంలో లేని పరీక్ష ఒకటి ఉంది. రంగు సరిగా మారడానికి ముందుగా వేయాల్సిన బఫర్ ద్రావణం కలపడం మరిచిపోయింది. ఎంత పోసినా నీలం సరిగా రాలేదు. కింద రాసుకుంది: "బఫర్ వేయలే. నా తప్పు. మళ్లీ చేయాల."

"ఇది బుక్కులో ఎందుకు లేదు?"

"తప్పయింది కదా మేడం. తప్పు రికార్డులో ఎక్కించకూడదని కాలేజీలో చెప్పినారు. కొట్టివేత ఉంటే మార్కులు తీసేస్తా ఉండ్రి. ఒకతూరి పేజీ చింపి ఆడనే మళ్లీ రాయించినారు."

నా కోపం ఎక్కడికో పోయింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఈ ల్యాబ్‌కు రాకముందు నేను ఆరేళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. బ్రౌన్ అట్ట వేసిన రికార్డులు గుట్టగా పెట్టుకుని, కొట్టివేత కనిపిస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టి అరమార్కు కోసేదాన్ని. రఫ్ పుస్తకాలను అసలు చూసేదాన్నే కాదు. ఈ అమ్మాయి నా దగ్గర చదవలేదు, అంతే తేడా. కిటికీ అవతల వాన మొదలైంది.

ల్యాబ్ అధికారి గుంటూరు వైపు మనిషి, నాకన్నా చిన్నవాడు, మంచివాడే. అంతా విని తేలిగ్గా అన్నాడు: "ఎందుకండీ మేడం గొడవ? కొత్త పుస్తకం ఇచ్చేద్దాం. చీటీలు చూసి సరైన తేదీలతో రాసుకుంటుంది. పాపం పిల్ల బతుకు."

ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. ఆ ఒక్క సాయంత్రంతో అన్నీ సర్దుకుపోయేవి. కానీ అలా రాయిస్తే అది ఇంకా అందమైన అబద్ధం అవుతుంది. కుదరదన్నాను.

చీటీలన్నీ అసలు రికార్డుగా కవరులో పెట్టించి, కవరు మీద ముగ్గురం సంతకాలు చేశాం. ముప్పై ఒకటో పేజీలో తేదీని ఆ అమ్మాయి చేతే ఒక్క గీతతో కొట్టించాను. స్కేలు కోసం వెతుక్కుంది, వద్దన్నాను. చివరి పేజీలో ఆనాటి తేదీతో, ఫలానా పరీక్ష బఫర్ లేక చెడిందనీ, అప్పుడు ఎక్కించక ఇప్పుడు ఎక్కిస్తున్నాననీ రాసింది. రాస్తున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత ఆ అమ్మాయి గురించి నేను నింపాల్సిన మదింపు ఫారం. అంకెలు నిజం, రాసే పద్ధతి తప్పు, ఉద్యోగం ఖాయం చేయడం మూడు నెలలు వాయిదా, అప్పుడు మళ్లీ పరీక్ష అని రాశాను. అంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాలేదు, అంతకన్నా కఠినంగా రాయడానికి మనసొప్పలేదు. చివర కారణం అన్న గడి ఉంది. అందులో రాశాను: "తప్పు కనబడకూడదని చదువుకున్నచోట నేర్పారు. అలా నేర్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని."

అధికారి చదివి ఇబ్బందిగా కదిలాడు. "ఆ రెండో వాక్యం కొట్టేయండి మేడం. ఫారంలో మన సొంత గోడు ఎందుకు?"

కొట్టేశాను. ఒక్క గీత, పక్కన పొడి సంతకం, తేదీ, కారణం: అధికారి చెప్పినందువల్ల. ఆయన నవ్వీనవ్వనట్టు నవ్వి సంతకం పెట్టేశాడు.

ఇక మిగిలింది ఆ అమ్మాయి సంతకం. ఫారం మొత్తం చదివింది. కొట్టేసిన వాక్యం దగ్గర ఆగి, గీత కింది అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకుంది.

"మీరు కూడానా మేడం?"

"నేను కూడానే."

ఆ అమ్మాయి ఫారం తనవైపు జరుపుకుంది. కలం తీసుకుని సంతకం పెట్టి, పక్కన ఆ రోజు తేదీ వేసింది.